నిరుటి లెక్కా, సున్నా నుంచి లెక్కా: పశ్చిమ ప్రకాశంలో ట్యాంకరు నీళ్ల బడ్జెట్

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతంలో ఎండలు ముదిరితే రోడ్ల మీద నీళ్ల ట్యాంకర్లు కనిపిస్తాయి. కనిగిరి, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెలకు ఇది కొత్త కాదు. కొన్ని ఊళ్లలో బోర్లు ఎండిపోతాయి. మరికొన్ని ఊళ్లలో బోరులో నీళ్లు ఉన్నా తాగడానికి వీలుండదు, ఎందుకంటే వాటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంటుంది. ట్యాంకరు ఖర్చు ఏటా తప్పని ఖర్చే అయినా, ప్రభుత్వ లెక్కల్లో అది ఏటా అత్యవసరంగా వచ్చిపడినట్టే నమోదవుతుంది. ప్రభుత్వాలు బడ్జెట్ వేసుకునే రెండు పద్ధతులకు మధ్య తేడా ఎక్కడ తేలుతుందో చూడాలంటే ఈ ఒక్క ఖర్చును పట్టుకుని చివరిదాకా వెళ్లడం మేలు.

మొదటిది పెంపుదల బడ్జెట్. నిరుడు ఒక పద్దు కింద ఎంత ఇచ్చారో అదే ఈ ఏడాదికి పునాది. దానికి ధరల పెరుగుదల, జీతాల పెంపు, కొత్తగా వచ్చిన పనులు కలిపి కొంత పెంచుతారు, లేదా డబ్బు లేకపోతే కొంత కోస్తారు. చర్చ అంతా ఆ పెంపు మీదే నడుస్తుంది, పునాది జోలికి ఎవరూ వెళ్లరు. రెండోది శూన్యాధారిత బడ్జెట్, వాడుకలో జీరో బేస్డ్ బడ్జెట్. దీనిలో నిరుటి అంకెకు హక్కేమీ ఉండదు. ఈ పని ఎందుకు చేస్తున్నాం, మానేస్తే ఏమవుతుంది, ఇదే ఫలితం ఇంకో దారిలో వస్తుందా, ఎంత మేరకు చేస్తే ఎంత ఖర్చవుతుంది అనే ప్రశ్నలకు మొదటి రూపాయి నుంచీ జవాబు చెప్పుకోవాలి.

పెంపుదల పద్ధతి ఆఫీసులో ఎలా సాగుతుందో ముందు చూద్దాం. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కానీ దాని పని అంతకు ముందు శరదృతువులోనే మొదలవుతుంది. ఆర్థిక శాఖ నుంచి సర్క్యులర్ వస్తుంది. బిల్లులు డ్రా చేసే ప్రతి అధికారీ తన ఆఫీసు పద్దులకు అంచనాలు పంపాలి. ఫారంలో వరుసగా గడులుంటాయి: గడిచిన ఏడాది వాస్తవ ఖర్చు, ఈ ఏడాది బడ్జెట్ అంచనా, ఈ ఏడాది సవరించిన అంచనా, చివరి గడిలో వచ్చే ఏడాది అంచనా. మూడు గడులూ నిండి ఉంటే నాలుగో గడిని నింపడానికి సీనియర్ అసిస్టెంటుకు పెద్దగా ఆలోచన అక్కర్లేదు. ఉద్యోగుల సంఖ్య, జీతాలు చూపే నెంబర్ స్టేట్‌మెంట్ విడిగా వెళుతుంది. అంచనాలు జిల్లా నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి సచివాలయానికి, చివరికి ఆర్థిక శాఖకు చేరి, రాజ్యాంగం 202వ అధికరణ చెప్పే వార్షిక ఆర్థిక నివేదికలో కలిసిపోయి శాసనసభ ముందుకు వస్తాయి. దారిలో ప్రతి అంచెలోనూ అంకెల్ని సరిచూస్తారు, కోస్తారు. అయితే ఆ పని ఇంకా అవసరమా అని అడగడానికి ఆ ఫారంలో గడే లేదు.

ఈ క్యాలెండర్‌లో నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇక్కడి చెరువుల భవిష్యత్తును చాలావరకు తేల్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనం. అంచనాలు పంపమని సర్క్యులర్ వచ్చే సమయానికి ఆ వానలు ఇంకా పూర్తికావు, ఒక్కోసారి మొదలే కావు. వచ్చే వేసవిలో ట్యాంకర్లు ఎన్ని కావాలో చెప్పగలిగే సమాచారం అప్పటికి ఎవరి దగ్గరా ఉండదు. అందుకే చేతిలో ఉన్న ఒకే అంకెను, అంటే నిరుటి ఖర్చును రాసేస్తారు. నిరుడు కరవైతే ఆ అంకె అవసరానికి మించి ఉంటుంది. నిరుడు చెరువులు నిండి ఉంటే అది చాలనే చాలదు. రెండు సందర్భాల్లోనూ తప్పు చేసింది మనిషి కాదు, ఎంచుకున్న పునాది. వాన ఒక ఏడాదిలా ఇంకో ఏడాది ఉండని ప్రాంతంలో నీటి ఖర్చుకు నిరుటి లెక్కను పునాది చేసుకోవడం మొదటి నుంచీ బలహీనమైన పద్ధతే.

అయినా ప్రపంచంలో దాదాపు అన్ని ప్రభుత్వాలూ ప్రధానంగా పెంపుదల బడ్జెట్‌నే నడుపుతున్నాయి. ఇందులో బద్ధకం కొంత ఉన్నా, బలమైన కారణాలూ ఉన్నాయి. ప్రభుత్వ ఖర్చులో పెద్ద వాటా జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీ. వడ్డీని, న్యాయమూర్తుల జీతాల్ని రాజ్యాంగమే సంచిత నిధి మీద తప్పనిసరి భారంగా ఉంచింది. వాటి మీద శాసనసభలో ఓటింగు కూడా ఉండదు. ఇలాంటి ఖర్చుల్ని ప్రతి ఏటా సున్నా నుంచి సమర్థించుకోమనడం వృథా శ్రమ. పాఠశాలలో ఉన్న టీచర్లకు జీతం ఇవ్వాలా వద్దా అనేది ఏటా తేల్చుకునే విషయం కాదు. ఇంకో కారణం ఉంది, దీన్ని తక్కువగా చూడకూడదు. నిరుటి అంకె అంటే పాత తగవుల మీద కుదిరిన రాజీ. ఏ శాఖకు ఎంత, ఏ జిల్లాకు ఎంత అనే పోట్లాట ఎన్నో ఏళ్లుగా జరిగి ఒక చోట ఆగింది. పునాదిని వదిలేసి పెంపు మీదే మాట్లాడుకుంటే బడ్జెట్ మార్చిలోపు పూర్తవుతుంది. అన్నిటినీ మళ్లీ తిరగదోడితే పూర్తికాదు. కింది స్థాయిలో పనిచేసేవాడికీ భరోసా ఉంటుంది: వచ్చే ఏడాది కూడా పంపు ఆపరేటరు జీతానికి డబ్బు వస్తుందని తెలిస్తేనే పథకం నడుస్తుంది.

ఈ పద్ధతిలో కీడు నెమ్మదిగా, కనపడకుండా పెరుగుతుంది. ఒక పద్దు కింద డబ్బు మిగిలితే మార్చి 31తో అది మురిగిపోతుంది, పైగా ఖర్చు పెట్టలేదు కాబట్టి వచ్చే ఏడాది పునాది తగ్గుతుంది. అందుకే మార్చిలో ట్రెజరీల ముందు బిల్లులు పోగవుతాయి. పైవాళ్లు ఎలాగూ కోస్తారని కిందివాళ్లు పెంచి అడుగుతారు, కిందివాళ్లు పెంచి అడిగారని పైవాళ్లు కోస్తారు. నిజమైన అవసరం ఎంతో ఆ రెండు అంకెల్లో ఏదీ చెప్పదు. వీటికన్నా పెద్ద కీడు ఇంకొకటుంది: పునాదే లేని పనికి డబ్బు పుట్టదు. కొత్తగా కట్టిన నిర్మాణం నిర్వహణ ఇలాంటిదే. కట్టడానికి పెట్టుబడి పద్దు కింద కోట్లు వస్తాయి. కట్టాక గేట్ల తాళ్లకు గ్రీజు పెట్టడానికి, తుప్పు గీకి రంగు వేయడానికి, రబ్బరు సీళ్లు మార్చడానికి నిరుటి అంకె ఉండదు, కాబట్టి ఈ ఏటి అంకె చిన్నదిగా మొదలై చిన్నదిగానే మిగిలిపోతుంది. మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయం గేటు 2022 ఆగస్టు చివర్లో ఒకటి, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయాయి. వాటికి బడ్జెట్ పద్ధతి ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. కానీ నీళ్లు సముద్రం పాలయ్యాక పెట్టే మరమ్మతు ఖర్చుకు పద్దు వెంటనే దొరకడం, అంతకు ముందు ఏళ్ల తరబడి కావలసిన నిర్వహణకు ప్రతి చోటా వెతుక్కోవలసి రావడం ఈ రాష్ట్రంలో ఏ నీటిపారుదల ఇంజినీరుకైనా తెలిసిన సంగతే.

శూన్యాధారిత బడ్జెట్ పుట్టింది ఈ జబ్బుకు మందుగానే. అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో పీటర్ పైర్ 1969 ప్రాంతంలో దీన్ని ఒక పద్ధతిగా రూపొందించారు. ఆ అనుభవం గురించి చదివిన జిమ్మీ కార్టర్, జార్జియా గవర్నరుగా 1970ల మొదట్లో తన రాష్ట్రంలో అమలు చేశారు. 1977లో అధ్యక్షుడయ్యాక ఫెడరల్ ప్రభుత్వానికీ తెచ్చారు. 1981లో రీగన్ ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. మన దేశంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 1983లో మొదలుపెట్టింది, 1986లో కేంద్రం అన్ని మంత్రిత్వ శాఖలకూ సూచించింది, మహారాష్ట్ర ఆ కాలంలోనే ప్రయత్నించింది. ఎక్కడా అది బడ్జెట్ వేసే రోజువారీ అలవాటుగా నిలబడలేదు. కారణాలు తెలియాలంటే పద్ధతిని నిజంగా చేసి చూడాలి.

ఒక ఊహా మండలాన్ని తీసుకుందాం. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, కానీ పరిస్థితి పశ్చిమ ప్రకాశంలో ఎవరికీ కొత్తగా అనిపించదు. పన్నెండు పల్లెలు, మొత్తం 9,000 మంది. వేసవిలో 90 రోజులు ట్యాంకరు నీళ్లు కావాలి. మనిషికి రోజుకు 40 లీటర్లు ఇస్తున్నారు. అంటే రోజుకు 3,60,000 లీటర్లు. ట్యాంకరు 5,000 లీటర్లది అయితే రోజుకు 72 ట్రిప్పులు. ట్రిప్పుకు రూ.600 చొప్పున రోజుకు రూ.43,200, తొంభై రోజులకు రూ.38.88 లక్షలు. పెంపుదల పద్ధతిలో వచ్చే ఏడాదికి పది శాతం కలిపితే రూ.42.77 లక్షలు అవుతుంది. అలాగే కలుపుకుంటూ పోతే అయిదేళ్ల తర్వాత ఈ పద్దు రూ.62.62 లక్షలకు చేరుతుంది. ఒక్క బిందె నీళ్లు కూడా అదనంగా రావు.

సున్నా నుంచి మొదలుపెడితే మొదటి మెట్టు పని ఏమిటో సరిగ్గా చెప్పుకోవడం. పని ట్యాంకర్లు నడపడం కాదు, పన్నెండు పల్లెలకు వేసవిలో తాగగలిగే నీళ్లు అందించడం. ఇలా రాసుకోగానే ట్యాంకరు ఒక దారి మాత్రమే అవుతుంది, ఇంకో దారుల గురించి మాట్లాడుకోవడానికి వీలవుతుంది. పైర్ పద్ధతిలో ఇలాంటి ప్రతి పనికీ ఒక నిర్ణయ ప్యాకేజీ తయారు చేయాలి. అందులో లక్ష్యం, వేరే దారులు, మానేస్తే జరిగే నష్టం, వివిధ స్థాయిల్లో ఖర్చు, ఆ స్థాయిలో అందే సేవ ఉండాలి. ఆ తర్వాత ప్యాకేజీలన్నిటికీ ప్రాధాన్య క్రమం ఇచ్చి, డబ్బు ఎంతవరకు చాలితే అంతవరకు గీత గీయాలి.

దారులు వెతికితే ముందుగా దొరికేది చిన్నది. పన్నెండులో రెండు పల్లెల దగ్గర, అంటే 1,500 మందికి అందేంత దూరంలో, రైతుల వ్యవసాయ బోర్లలో నీళ్లున్నాయనుకుందాం, పరీక్ష చేస్తే ఫ్లోరైడ్ హద్దులోనే ఉందనుకుందాం. నాలుగు బోర్లను నెలకు రూ.10,000 చొప్పున మూడు నెలలు అద్దెకు తీసుకుంటే రూ.1.20 లక్షలు. ఇదే 1,500 మందికి ట్యాంకర్ల ఖర్చు రూ.6.48 లక్షలు. మిగులు రూ.5.28 లక్షలు, అదీ ఈ ఏడాదే, ఏ పెట్టుబడీ లేకుండా. ప్రైవేటు బోర్లు అద్దెకు తీసుకోవడం గ్రామీణ నీటి సరఫరా శాఖకు తెలియని సంగతి కాదు. అయినా ట్యాంకరు రూటు ఒకసారి పడితే ఆ ఊరి పేరు జాబితాలో ఏటా కొనసాగుతూనే ఉంటుంది. శూన్యాధారిత పద్ధతి నిజంగా విలువ చూపేది ఇలాంటి చోట. పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, జాబితాలో ఉన్న ప్రతి ఊరి పేరు ఎదురుగా ఇది ఎందుకుందని అడిగితే చాలు.

రెండో దారి పెద్దది. సాగర్ కుడి కాలువ నీళ్లతో నింపే వేసవి నిల్వ చెరువు నుంచి వచ్చే సమగ్ర రక్షిత మంచినీటి పథకం పైపు, ఎనిమిది పల్లెలకు దగ్గరలో పోతోందనుకుందాం. అక్కడ ఉన్నది 6,000 మంది. పైపులైను పొడిగించడానికి రూ.1.20 కోట్లు, ఆ తర్వాత ఏటా కరెంటుకు, మనుషులకు, మరమ్మతులకు రూ.6 లక్షలు అవుతుంది. ఆ 6,000 మందికి ట్యాంకర్లకు ఏటా అయ్యే రూ.25.92 లక్షలు తప్పుతాయి. అంటే ఏడాదికి నికర మిగులు రూ.19.92 లక్షలు. రూ.1.20 కోట్లు తిరిగి రావడానికి ఆరేళ్లు పడుతుంది. పైగా పైపులో నీళ్లు వేసవిలోనే కాదు, ఏడాది పొడవునా వస్తాయి.

ఇక్కడే శూన్యాధారిత పద్ధతిలోని ఒక లోతైన లోపం బయటపడుతుంది. ఈ పద్ధతిని ఏడాదికి ఒకసారి, ఆ ఏడాది డబ్బుకే పరిమితమై చేస్తే పైపులైను ఓడిపోతుంది. పైపు వేసే ఏడాది ట్యాంకర్లు ఆగవు. కాబట్టి ఆ ఏడాది ఖర్చు రూ.1.20 కోట్లు, దాని మీద ట్యాంకర్లకు రూ.38.88 లక్షలు, మొత్తం రూ.1.59 కోట్లకు దగ్గరగా. ఎదురుగా ఉన్న ప్యాకేజీ రూ.38.88 లక్షలే. గీత గీసేవాడు ఏది తీసుకుంటాడో చెప్పనక్కర్లేదు. అయిదేళ్ల లెక్క వేసినా పైపులైనే ఎక్కువ ఖర్చుగా కనిపిస్తుంది, ఆరేళ్లు దాటితేనే అది చవక. సున్నా నుంచి మొదలుపెట్టడం ఒక్కటే సరిపోదు, ఎంత దూరం చూడాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఏటా పునాదిని చెరిపేసే పద్ధతికి ఏడేళ్ల చూపు సహజంగా రాదు.

ఆ ఆరేళ్లు కూడా కాలువలో నీళ్లొస్తేనే. సాగర్ కుడి కాలువకు చివరి భాగం ప్రకాశంలోనే ఉంది. పై నుంచి నీళ్లు వదలకపోతే నిల్వ చెరువు నిండదు, పైపు ఉన్నా కుళాయి ఎండుతుంది, ట్యాంకర్లు మళ్లీ రోడ్డెక్కుతాయి. మూడేళ్లకు ఒక వేసవి అలా జరుగుతుందనుకుంటే మూడేళ్లలో రెండేళ్లు రూ.19.92 లక్షల చొప్పున మిగులు, ఒక ఏడాది రూ.6 లక్షల నష్టం. సగటున ఏడాదికి మిగులు రూ.11.28 లక్షలకు పడిపోతుంది, పెట్టుబడి తిరిగి రావడానికి పదిన్నరేళ్లు దాటుతుంది. ప్యాకేజీలో ఈ ఒక్క ఊహను మార్చితే తీర్పే మారిపోతుంది. అందుకని ప్యాకేజీ చదివేవాడు మొత్తం అంకె కన్నా ముందు చూడవలసింది నీటి వనరు గురించి ఏమి ఊహించారన్నది. ఆ ఊహ రాయని ప్యాకేజీని వెనక్కి పంపాలి.

ఇక స్థాయిలు. ట్యాంకరు పనినే మూడు మెట్లుగా చూపాలి. తాగడానికి, వండుకోవడానికి మాత్రమే మనిషికి 20 లీటర్లు ఇస్తే రూ.19.44 లక్షలు. ఇప్పుడిస్తున్న 40 లీటర్లకు రూ.38.88 లక్షలు. జల్ జీవన్ మిషన్ ప్రమాణం 55 లీటర్లు ఇస్తే రూ.53.46 లక్షలు. కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. ప్రాధాన్య క్రమంలో 20 లీటర్ల ప్యాకేజీ మొదట, అద్దె బోర్లు తర్వాత, మోటార్ల మరమ్మతు ఆ తర్వాత, మిగతా 20 లీటర్లు అటు తర్వాత పెడితే ప్రజాప్రతినిధులకు అసలు ఎంపిక కళ్లకు కడుతుంది. పశువుల నీళ్ల తొట్లు నింపాలా, రెండో విడత 20 లీటర్లు ఇవ్వాలా అని తేల్చుకోవడం కష్టమైన పనే. కానీ ఇప్పుడు అది ఎవరూ తేల్చకుండానే, బిల్లులు ఆగిన చోట దానంతట అదే తేలుతోంది. దానికన్నా తెలిసి తేల్చుకోవడం మేలు.

అయితే స్థాయిల్లోనే ఆట కూడా ఉంది. తన పద్దు తగ్గకూడదనుకునే అధికారి ఏం చేస్తాడంటే, జనం ఊరుకోని ఖర్చును గీతకు సరిగ్గా కింద పెడతాడు. ట్యాంకరు నీళ్లను అడుగున, ఆఫీసు వాహనాల అద్దెను పైన పెడితే, ట్యాంకర్లను ఆపే ధైర్యం ఏ ప్రభుత్వానికీ ఉండదు కాబట్టి గీత కిందికి జరుగుతుంది, అన్నీ దక్కుతాయి. ఇంకో ఆట కనీస స్థాయిని నిరుటి ఖర్చులో తొంభై శాతంగా రాయడం. అప్పుడు పేరు శూన్యాధారితం, లోపల ఉన్నది పెంపుదల బడ్జెట్టే. దీన్ని పట్టుకోవడం తేలిక. ఒక శాఖ పంపిన ప్యాకేజీలన్నిటిలో కనీస స్థాయి నిరుటి అంకెలో ఒకే శాతంగా వస్తోందేమో చూడాలి. అలా వస్తే ఎవరూ ఏదీ సున్నా నుంచి ఆలోచించలేదన్నమాట. ప్రత్యామ్నాయాల గడిలో ప్రతి చోటా అదే వాక్యం ఉన్నా సంగతి అదే.

కాగితాల భారం గురించి మాట్లాడేవాళ్లు జార్జియానే చూపిస్తారు. అక్కడ పదివేలకు పైగా నిర్ణయ ప్యాకేజీలు తయారయ్యాయి. ఒక్కోదానికి గవర్నరు ఒక నిమిషం కేటాయించినా నూట అరవై గంటలకు పైన పడుతుంది. ఒక నిమిషంలో ఒక పని ఉండాలా పోవాలా తేల్చడం సాధ్యం కాదు. కాబట్టి పై స్థాయిలో చూసినవాళ్లు కింది నుంచి వచ్చిన క్రమాన్నే ఒప్పుకుని ఉంటారు. మన పన్నెండు పల్లెల ప్యాకేజీ ఒక్కటే ఇన్ని ఊహల మీద నిలబడితే, జిల్లాలో అన్ని శాఖల అన్ని పనులకూ ఏటా ఇలా చేయమంటే ఇంజినీర్లు బోర్ల దగ్గరకు వెళ్లడం మాని కంప్యూటర్ల ముందే కూర్చోవాలి.

దానికి తోడు, కావలసిన సమాచారం లెక్కల పుస్తకాల్లో ఉండదు. ప్రభుత్వ పద్దులు ఖర్చు రకాన్ని బట్టి ఉంటాయి: జీతాలు, ప్రయాణ భత్యం, ఆఫీసు ఖర్చులు, చిన్న పనులు, నిర్వహణ. పని ప్రకారం ఉండవు. ఒక ఊరికి వెయ్యి లీటర్ల నీళ్లు ఇవ్వడానికి ఎంతవుతోందో తెలియాలంటే ట్రిప్పుల రిజిస్టరు, ట్యాంకరుకు పెట్టిన జీపీఎస్ రికార్డు, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. రిజిస్టరులో పంచాయతీ కార్యదర్శి సంతకం ఉన్న ట్రిప్పుల సంఖ్యకూ, జీపీఎస్‌లో కనబడే ట్రిప్పులకూ తేడా వస్తే ప్యాకేజీలోని మొదటి అంకే తప్పు. సున్నా నుంచి కట్టే ఇల్లు ఆ అంకె మీదే నిలబడాలి. పెంపుదల బడ్జెట్‌కు ఇంత ఖచ్చితత్వం అక్కర్లేదు, నిరుడు చెల్లించిన మొత్తం తెలిస్తే చాలు. అది దాని బలమే, కానీ దొంగ ట్రిప్పులు ఏటా పునాదిలో కలిసిపోవడానికి కారణమూ అదే.

వీటన్నిటికన్నా గట్టి అడ్డంకి ఒకటుంది. దీన్ని బడ్జెట్ సంస్కరణల గురించి రాసేవాళ్లు తరచు వదిలేస్తారు. ఈ మండలంలో నీళ్ల డబ్బు ఒకే చోటి నుంచి రాదు. కరవు ప్రకటిస్తే ట్యాంకర్లకు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి డబ్బు తీసుకోవచ్చు. ఆ నిధిలో ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా 75 శాతం. సమగ్ర పథకాల నిర్వహణ ఖర్చు గ్రామీణ నీటి సరఫరా శాఖ పద్దులో ఉంటుంది. పైపులైను పొడిగింపు జల్ జీవన్ మిషన్ కింద పడుతుంది. ఊళ్లోని మోటార్ల మరమ్మతు పంచాయతీది. దానికి ఆర్థిక సంఘం గ్రాంట్లలో తాగునీటికి ముడిపెట్టిన భాగం ఉంది. ఈ నాలుగూ నాలుగు సంచులు. అద్దె బోర్ల వల్ల ట్యాంకర్లలో రూ.5.28 లక్షలు మిగిలాయనుకోండి, అది ఇంజినీరు చేతికి రాదు, మోటార్లకు పోదు, పైపుకు పోదు. విపత్తు నిధిలోనే ఉండిపోతుంది. అద్దె రూ.1.20 లక్షలు మాత్రం అతను తన సంచి నుంచి తేవాల్సి వచ్చిందనుకోండి. మొత్తంగా చూస్తే ప్రజాధనం ఆదా. అతని ఆఫీసు లెక్కలో చూస్తే అదనపు ఖర్చు. ఏ మనిషైనా ఇలాంటి చోట పాత రూటునే కొనసాగిస్తాడు. పునాదిని ప్రశ్నించమని సర్క్యులర్ ఇవ్వడం తేలిక, ఆదా చేసినవాడి చేతికి ఆదాలో భాగం వచ్చేలా నిబంధన మార్చడం కష్టం. రెండోది జరగకుండా మొదటిది చేస్తే వచ్చేది నింపిన ఫారాలే.

మరి ఏది వాడాలి? ప్రభుత్వం మొత్తాన్ని సున్నా నుంచి లెక్కించమనడం తప్పు, దాన్ని అసలే వాడకపోవడం అంతకంటే తప్పు. ఎక్కడ వాడాలో చెప్పడానికి రెండు గుర్తులు చాలు. ఒకే ఫలితానికి నిజంగా వేరే దారులు ఉండాలి. ఆ దారుల డబ్బును ఒకచోట కలిపి చూడగల అధికారం ఎవరో ఒకరికి ఉండాలి. జీతాలకు, పింఛన్లకు మొదటి గుర్తు లేదు, వాటిని పెంపుదల పద్ధతిలోనే ఉంచాలి. వేసవి నీళ్లకు మొదటిది ఉంది, రెండోది కల్పించాలి. జిల్లా స్థాయిలో కలెక్టరు దగ్గర నాలుగు సంచుల అంకెలూ ఒకే కాగితం మీదకు వస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే కరవు నిధి నుంచి వచ్చే ప్రతిపాదనా, నీటి సరఫరా శాఖ అంచనాలూ ఆ బల్ల మీదుగానే పోతాయి.

ప్రతి ఏటా చేయనక్కర్లేదు కూడా. అమెరికాలో 1970ల రెండో సగంలో కొలరాడో, టెక్సాస్ వంటి రాష్ట్రాలు గడువు ముగిసేలోగా సమీక్ష జరగకపోతే సంస్థ రద్దయ్యే చట్టాలు తెచ్చాయి. మన కేంద్ర ప్రభుత్వం ఇప్పుడు తన పథకాలకు ఆర్థిక సంఘం కాలపరిమితితో గడువు పెట్టి, కొనసాగించాలంటే మూల్యాంకనం కావాలంటోంది. అదే తీరులో ఒక జిల్లా తన మండలాల ట్యాంకరు జాబితాను అయిదు భాగాలు చేసి ఏటా ఒక భాగాన్ని సున్నా నుంచి పరిశీలించవచ్చు. మిగతా నాలుగింటికి ఆ ఏడాదికి నిరుటి అంకెనే, మూడు నాలుగు ఏళ్ల సగటుతో సరిచేసి, ఉంచవచ్చు. ఒక్క ఏడాదికి బదులు సగటును పునాది చేసుకోవడమే పెంపుదల పద్ధతిలో పెద్ద మెరుగుదల. దానికి ఏ సంస్కరణా అక్కర్లేదు, ఫారంలో ఒక గడి చేర్చితే చాలు.

సమయం మాత్రం మారాలి. ఈ పరిశీలన అక్టోబరులో అంచనాల హడావుడిలో చేస్తే కాపీ పనే అవుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో చేయాలి. అప్పటికి గడిచిన వేసవి ట్రిప్పుల రిజిస్టర్లు, జీపీఎస్ రికార్డులు తాజాగా ఉంటాయి. ఏ ఊళ్లో ఏ బోరు ఎప్పుడు ఆగిందో పంచాయతీ సిబ్బందికి ఇంకా గుర్తుంటుంది. ఆ రెండు నెలల్లో తేలినదాన్ని అక్టోబరు ఫారంలో రాసి, జనవరి మొదటి వారంలో, ఈశాన్య వానలు వెనుదిరిగి చెరువుల నీటిమట్టం ఖాయంగా తెలిశాక, ట్యాంకరు అంకెను ఒకసారి సరిచేసి పంపే వెసులుబాటు ఆర్థిక శాఖ ఇవ్వాలి. శాసనసభ ముందుకు బడ్జెట్ రావడానికి అప్పటికి ఇంకా వారాల వ్యవధి ఉంటుంది. ఏప్రిల్‌లో డబ్బు విడుదల ఉత్తర్వులు ఆలస్యమైనా, ఏ ఊరికి అద్దె బోరు, ఏ ఊరికి ట్యాంకరు అన్నది ముందే తేలి ఉంటే రైతుతో ఒప్పందం ఫిబ్రవరిలోనే చేసుకోవచ్చు. ఎండలు ముదిరాక అదే బోరుకు అద్దె పెరుగుతుంది, అప్పటికి అందులో నీళ్లుంటాయన్న నమ్మకమూ తగ్గుతుంది.